ఉమ్మడి ఖాతా

1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో కరణాలు, పట్వారీల వ్యవస్థ రద్దయింది. భువనగిరి తాలూకాలోని మా ఊరికి మా బాపు పట్వారీ. ఆయనకు ముందు మా తాత. పహాణీలు, నక్షాలు, రశీదు పుస్తకాలు ఎర్రగుడ్డల్లో మూటగట్టి తాలూకా కచేరీలో అప్పజెప్పి వచ్చిన రోజు నుంచి ఆయనకు పొద్దు పోవడం కష్టమైంది. పట్వారీ అంటే ఊళ్ళో జనానికి ఎందుకు కోపమో నాకు తెలియనిది కాదు. కలం ఒక గీత పక్కకు జరిపితే ఒకడి చెలక ఇంకొకడిదైపోయిన రోజులు అవి. బాపు అలాంటివాడు కాదని నేనంటే కొడుకు మాట అనుకుంటారు, కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. ఆయన లెక్కలో మాత్రం భూమి అంటే పంట కాదు, మట్టి కాదు, ఒక కాగితం. ఆ కాగితం చేతిలోంచి పోయాక ఊళ్ళో ఉండబుద్ధి కాలేదు. అమ్మ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. నాతోపాటు గుర్గావ్ వచ్చేశాడు.

అప్పటి గుర్గావ్ అంటే ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు. 1983 డిసెంబరులో మొదటి మారుతీ కారు బయటికొచ్చింది. ఆ ఫ్యాక్టరీని నమ్ముకుని చుట్టుపక్కల చిన్న చిన్న వర్క్‌షాపులు మొలుస్తున్నాయి. అలాంటి ఒకదాంట్లో నాది సూపర్‌వైజరు ఉద్యోగం. సదర్ బజార్ దాటితే పొలాలే. సోహ్నా రోడ్డు పట్టుకుని పోతే అటూ ఇటూ చలికాలం అంతా పచ్చటి ఆవచేలు, మధ్యలో ఇసుక దిబ్బలు, అక్కడక్కడా కీకర్ తుమ్మలు, ఒంటె కట్టిన బండ్లు. ఆ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక పల్లెలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయను. ఆ కుటుంబం వాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇల్లు అన్నదమ్ములిద్దరిది. వాళ్ళ నాన్న ఊరికి లంబర్దారు, అంటే మన మాలీ పటేల్ లాంటివాడు, శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే మనిషి. 1972లో పోయాడు. పెద్దాయన సేద్యం, చిన్నాయన పదిహేనేళ్ళు ఫౌజ్‌లో చేసి పింఛనుతో తిరిగొచ్చినవాడు. ఒకే వాకిలి, ఒకే అంగణం, మధ్యలో కొత్తగా కట్టిన నడుమెత్తు ఇటుక గోడ. గోడ ఇంకా సిమెంటు పూయలేదు. నేనుండే గదులు ఆ గోడకు సరిగ్గా కొస మీద ఉండేవి. దాంతో అవి ఎవరివో తేలలేదు. ఒకటో తారీకున అద్దెలో సగం పెద్దాయన చేతిలో, సగం చిన్నాయన చేతిలో పెట్టేవాణ్ణి. ఇద్దరూ రశీదు రాసిచ్చేవాళ్ళు, రెండు రశీదుల్లోనూ అద్దె మొత్తం తనకు రావాల్సిందేనని, సగమే ముట్టిందని ఉండేది.

బాపు వచ్చాక ఆ ఇంట్లో మాకు మర్యాద పెరిగింది. నన్ను వాళ్ళు ‘మదరాసీ’ అనేవాళ్ళు, ఇంకేమీ తెలియదు కాబట్టి. బాపు నోరు విప్పితే ఉర్దూ వచ్చేది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవాడు. ఆయన ‘నక్కో’ అంటే, ‘హౌ’ అంటే బైఠక్‌లో కూర్చున్న ముసలాళ్ళు నవ్వి మళ్ళీ మళ్ళీ అనిపించుకునేవాళ్ళు. ఆ వయసు వాళ్ళూ బడిలో ఉర్దూయే చదివారు. అప్పుడు గుర్గావ్ పంజాబ్ కింద ఉండేది, బళ్ళో అలిఫ్, బే లతోనే మొదలు. వాళ్ళ కొడుకులు మాత్రం హిందీ చదువులు. తండ్రి రాసిన ఉత్తరం కొడుకు చదవలేని తరం అది. హైదరాబాదు రాజ్యంలో తెలుగు రైతుకూ, పంజాబ్‌లో హర్యాణవీ రైతుకూ భూమి కాగితం ఒకే లిపిలో ఉండేదన్న సంగతి ఆ బైఠక్‌లో కూర్చునేదాకా నాకు తట్టలేదు. పట్వారీ, గిర్దావర్, తహసీల్, ఖస్రా, మాటలన్నీ అవే.

కొలతలు వేరు. ఆ తేడా పట్టుకోవడానికి బాపుకు ఒక్క సాయంత్రం చాలింది. అక్కడ ఎకరాన్ని కిల్లా అంటారు. కిల్లాకు 8 కనాళ్ళు, కనాలుకు 20 మర్లాలు. కిల్లా పొడవు 40 కరమ్‌లు, వెడల్పు 36, కరమ్ అంటే అయిదున్నర అడుగులు. పొయ్యి పక్కన బొగ్గుతో నేలమీద లెక్క వేసి, ‘మన గుంటకు సరిగ్గా నాలుగు మర్లాలురా, ఇంచు తేడా లేదు’ అని బాపు నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తే. ఊరొదిలి వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

ఇక ఆ అన్నదమ్ముల తగాదా. మొత్తం 12 కిల్లాలు. బావి దగ్గర 5, రోడ్డు పక్కన 7. బావి పొలం ‘చాహీ’, అంటే బావి కింద పారేది. గోధుమ పండేది అక్కడే. ఒకప్పుడు ఎద్దులతో మోట తోలేవారు, ఆ తర్వాత డీజిల్ ఇంజన్ వచ్చింది. రోడ్డు పక్కది ‘భూడ్’, ఇసుక నేల. వానపడితే సజ్జ, లేకపోతే శనగ, ఆవాలు, అదీ దైవాధీనం. తండ్రి బతికున్నప్పుడే బావి అయిదూ పెద్దవాడు దున్నుకునేవాడు. భూడ్ ఏడూ చిన్నవాడి లెక్కలో బటాయికి, అంటే పాలుకి, ఇచ్చేవాళ్ళు. చిన్నవాడు ఫౌజ్ నుంచి వచ్చాక తానే దున్నుకోవడం మొదలుపెట్టాడు. ఎకరాలు ఎక్కువ, పంట తక్కువ అని అతనికి లోపల బాధ ఉండేది కానీ బయటపడలేదు.

ఇంతలో గుర్గావ్ చుట్టూ భూమి కొనేవాళ్ళు బయల్దేరారు. హర్యాణాలో 1975లో వచ్చిన చట్టం ప్రైవేటు వాళ్ళకు కాలనీలు వేసుకోవడానికి లైసెన్సు ఇస్తుంది. దళారులు మోటారు సైకిళ్ళ మీద ఊరూరా తిరిగేవాళ్ళు. వాళ్ళు అడిగేది గోధుమ నేల కాదు, రోడ్డు ముఖం. నిన్నటిదాకా గాలికి ఎగిరే ఇసుక ఒక్కసారిగా బావి పొలానికి ఎన్నో రెట్లు ధర పలికింది.

దాంతో పెద్దాయన రికార్డు బయటికి తీశాడు. తండ్రి పోయాక విరాసత్ ఇంతకాల్‌లో, అంటే మ్యుటేషన్‌లో, పన్నెండు కిల్లాలూ ఇద్దరి పేర చెరిసగం ఎక్కాయి. ఏ కిల్లా ఎవరిదని ఎక్కడా లేదు. అలాంటి దాన్ని అక్కడ ‘ముష్తర్కా ఖాతా’ అంటారు, ఉమ్మడి ఖాతా. పంపకం జరిగేదాకా ప్రతి అంగుళంలోనూ వాటాదారులందరికీ హక్కుంటుంది. కాబట్టి రోడ్డు ముఖంలో సగం నాది అన్నాడు పెద్దాయన. బావి మాత్రం తన చేత్తో తవ్వానని, అది పంచే ప్రశ్నే లేదని అన్నాడు. చిన్నాయన జవాబు కూడా సూటిగానే ఉంది. ‘నాన్న అయిదు నీకిచ్చాడు, ఏడు నాకిచ్చాడు. ఇన్నేళ్ళుగా నా ఇసుక నేను దున్నుకున్నాను. ఇసుకలో సగం అడగడానికి అప్పుడు రాలేదేం?’

పెద్దాయన తహసీల్‌లో తక్సీమ్ దావా వేశాడు. 1887 నాటి పంజాబ్ భూమి శిస్తు చట్టం కింద నడిచే ఆ పంపకాల కేసు అంత తొందరగా తేలేది కాదు. ముందు ఏ పద్ధతిలో పంచాలో నిర్ణయించాలి. తర్వాత పట్వారీ ‘నక్షా అలిఫ్’ అని ఒక పట్టిక వేస్తాడు, ఎంత భూమి, ఏ రకం, ఎవరి వాటా ఎంత అని. ఆ తర్వాత ‘నక్షా బే’, ఎవరికి ఏ కిల్లా అని. దానిమీద అభ్యంతరాలు, వాటిమీద అప్పీళ్ళు. అవన్నీ దాటితే ‘నక్షా జీమ్’, చివరికి సనదు. మధ్యలో ఎవరైనా ‘అసలు పంపకం ఎప్పుడో అయిపోయింది’ అంటే కథ మళ్ళీ మొదటికి. చిన్నాయన వకీలు సరిగ్గా అదే అన్నాడు. రెండేళ్ళుగా కేసు నక్షా అలిఫ్ దగ్గరే ఉంది.

బాపు ఇదంతా విని ఒకరోజు రాత్రి నాతో అన్నాడు: ‘వీళ్ళిద్దరూ అబద్ధమాడుతలేరు. ఒకడు పట్టాదారు ఖానా చదువుతున్నడు, ఇంకొకడు కబ్జా ఖానా చదువుతున్నడు. రెండూ ఒకే పుటల పక్కపక్కనే ఉంటయి. ఇద్దరూ తమ దిక్కే చూస్తున్నరు.’ మన పహాణీలో భూమి ఎవరిది అనేదానికొక గడి, ఎవరు సాగు చేస్తున్నారు అనేదానికొక గడి ఉన్నట్టే వాళ్ళ జమాబందీలోనూ ఉంటాయి. జమాబందీ అయిదేళ్ళకోసారి తిరగరాస్తారు. సాగు గడిలో ఎక్కేది ఏడాదికి రెండుసార్లు పట్వారీ పొలాల వెంట తిరిగి రాసే గిర్దావరీ. రెండు గడులూ ఒకదాన్నొకటి కాదంటే నిజం ఎక్కడుందని బాపును అడిగాను. ‘రాయించినోడి తలకాయల ఉంటది. ఆయన సచ్చిపాయె’ అన్నాడు.

ఆ ముసలాయన తలకాయలోది కాగితం మీద కూడా ఉందని తెలిసింది 1986 ఎండాకాలంలో. వకీలు పాత తాకట్టు కాగితాలేవో కావాలంటే పెద్దాయన తండ్రి సందూకు తెరిచాడు. అడుగున ఎర్రగుడ్డ అట్టతో పొడుగాటి బహీ, పద్దుల పుస్తకం. అందులో చివరి పుటలన్నీ ఉర్దూ. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. బహీలో ఏదో ఉందని ఊరంతా తెలిసింది, చిన్నాయనకూ తెలిసింది. అది దొంగ రాత అని చూడకముందే తేల్చేశాడు.

ఊళ్ళో ఉర్దూ చదివే ముసలాళ్ళు ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. కానీ ఒకాయన పెద్దాయన వియ్యంకుడి వైపు మనిషి, ఇంకొకాయన చిన్నాయనతో చుట్టరికం ఉన్నవాడు. ఊరి పట్వారీకి చూపిస్తే మర్నాటికి దళారీ దాకా పోతుందని భయం. ఆ ఊళ్ళో భూమీ బంధువులూ లేని, ఉర్దూ రాతలో పండిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇద్దరూ వేర్వేరుగా బాపు దగ్గరికొచ్చారు.

బాపు బహీ ముట్టుకోలేదు. ‘ఇద్దరూ ఒక్క మంచం మీద కూసుంటేనే చదువుత’ అన్నాడు. ఒకే మంచం మీద కూర్చోవడానికి వాళ్ళకు మూడు రోజులు పట్టింది. చివరికి గోడకు ఆవలా ఈవలా కాకుండా మా గది ముందు, వేపచెట్టు కింద కూర్చున్నారు. పెద్దాయన హుక్కా తెచ్చుకున్నాడు. చిన్నాయన బీడీ కట్ట తెచ్చుకున్నాడు. అక్కడ హుక్కా పంచుకోవడమంటే సంబంధం ఉన్నట్టు. వెలివేయడాన్ని ‘హుక్కా పానీ బంద్’ అంటారు. ఆ అన్నదమ్ములు రెండేళ్ళుగా ఒక హుక్కా తాగలేదు.

రాత షికస్తా. పట్వారీలు, మున్షీలు వేగంగా రాసే గొలుసు రాత, చుక్కలు సగం ఉండవు. చుక్క లేకపోతే ఉర్దూలో ఒక అక్షరం నాలుగైదు అక్షరాలు కాగలదు. బాపు ముందు మనసులో రెండుసార్లు చదువుకున్నాడు. ఒకచోట ఆగి, ‘ఈ మాట నాకు తెలుస్తలేదు, ఊహ చెప్ప’ అని వదిలేశాడు. తర్వాత గట్టిగా చదివాడు. సంవత్ 2024 ఫాల్గుణం అని తేదీ, అంటే 1968 తొలినాళ్ళు. అందులో నీతులూ దీవెనలూ ఏమీ లేవు, పద్దు రాసినట్టే ఉంది. నాకు గుర్తున్నంతవరకు ఇదీ సారం:

ఇంజన్ ఖరీదు 2,600. అందులో చిన్నవాడి మనీఆర్డర్లు 1,100. మిగిలింది ఆవాలు అమ్మిన సొమ్ము, కొంత అప్పు. భూడ్‌లో రెండు కిల్లాలు సోహ్నా సాహుకారు దగ్గర తాకట్టులో ఉన్నవి విడిపించడానికి 900, పెద్దవాడు ఇటుకబట్టీకి ఒంటెబండి తోలి తెచ్చినది. తాకట్టు కాగితం తిరిగి తీసుకుని చించడమైనది. బావి అయిదు పెద్దవాడు దున్నుకోవాలి, పిల్లలున్నవాడు కాబట్టి. భూడ్ ఏడు చిన్నవాడి లెక్కన బటాయి. ఇది పంపకం కాదు, సాగు ఏర్పాటు మాత్రమే. చిన్నవాడు ఫౌజ్ నుంచి వచ్చాక బావిలో సగం సగం, భూడ్‌లో సగం సగం. ఖాతా నేను కావాలనే విడదీయలేదు. విడదీస్తే ఒకడికి చెప్పకుండా ఇంకొకడు అమ్ముతాడు. అమ్మాయి పిల్లల పెళ్ళిళ్ళకు భాత్ ఖర్చు ఇద్దరూ చెరిసగం.

భాత్ అంటే మేనమామలు తీసుకెళ్ళే చీరెసారె. 1956 చట్టం కూతురికీ వాటా ఇచ్చింది, విరాసత్‌లో ఆమె పేరూ రావాలి. హర్యాణా పల్లెల్లో ఆడపిల్ల అన్నదమ్ముల మొహం చూసి హక్కు వదులుకుంటూ సంతకం పెట్టడమే ఆనవాయితీ, ఆవిడా పెట్టింది. అంత ముందుచూపున్న లంబర్దారుకు కూతురి దగ్గర మాత్రం చీరెసారె దాటి చూపు పోలేదు. మా తెలంగాణలో అప్పుడు పెద్ద తేడాగా ఉండేదని నేనేమీ అనను.

ముందు మాట్లాడింది పెద్దాయన. ‘పదకొండు వందలా?’ అన్నాడు. ఇంజన్ ఆవాలమ్మి కొన్నారనే అతనికి ఇన్నాళ్ళూ తెలుసు. చిన్నాయన ఏమీ అనకుండా లేచి లోపలికి పోయాడు. అలిగి పోయాడనుకున్నాం. ఒక రేకు పెట్టె తెచ్చి మంచం మీద బోర్లించాడు. నిండా మనీఆర్డరు రశీదులు. అప్పట్లో మనీఆర్డరు అందుకున్నవాడు సంతకం చేసిన ముక్క పంపినవాడికి తిరిగి వచ్చేది. ఫౌజ్ వాళ్ళు ఆ ముక్కలు పారేసేవాళ్ళు కాదు, డబ్బు ఇంటికి చేరిందనడానికి అదొక్కటే సాక్ష్యం. ప్రతి ముక్క మీదా తండ్రి ఉర్దూ సంతకం ఉంది. ఆ డబ్బు ఇంట్లో పిండికీ పప్పుకీ పోయిందనుకున్నాడు తప్ప బావిలో ఇంజనైందని అతనికీ తెలియదు. తన భూడ్‌లో రెండు కిల్లాలు ఒకప్పుడు పరాయివాడి చేతిలో ఉన్నాయనీ తెలియదు.

బాపు ముందు సంతకాలు చూశాడు. రశీదుల మీది సంతకమూ బహీలోదీ ఒకే చేయి. తర్వాత 1968 ఫాల్గుణానికి ముందువన్నీ తారీకుల వారీగా పేర్చి కూడమని నాకిచ్చాడు. నలభైలు, యాభైలు, ఒకటి రెండు ముప్పైలు. మొత్తం 1,080 తేలింది. ఒక ముక్క ఎక్కడో పోయి ఉంటుందన్నాడు చిన్నాయన. బాపుకు ఆ ఇరవై తేడాయే నచ్చింది. దొంగరాత రాసేవాడు లెక్క సరిగ్గా కుదుర్చుకుంటాడు, నిజం పద్దులో ఎప్పుడూ కాస్త తేడా ఉంటుందని ఆయన అనుభవం. పైగా ఆ సొమ్ములు అంకెల్లో కాకుండా రకమ్‌లో ఉన్నాయి. అరబీ సంఖ్యల పేర్లనే కుదించి గీసే పాత లెక్కగాళ్ళ గుర్తులు అవి. సున్నా చేర్చి వందను వెయ్యి చేయడం రకమ్‌లో కుదరదు.

నాకు ఆ రోజు అర్థమైంది ఇది. ఉమ్మడి సంసారంలో ఎవడి కష్టం వాడి గట్టు మీదే ఆగదు. తమ్ముడి జీతం అన్న దున్నే బావిలోకి పోయింది, అన్న ఒంటెబండి కూలి తమ్ముడి ఇసుకలోకి పోయింది. అందులో వింతేమీ లేదు. ఒక చేతికి డబ్బులొస్తే ఇంటిపెద్ద ఎక్కడ చిరుగుంటే అక్కడ పెడతాడు. ఆ లెక్క ఇంటిపెద్దకే తెలుస్తుంది, ఆయనతో పోతుంది. ఈ ముసలాయన రాసి పెట్టాడు, అంతే తేడా. ఆ రాత ఇద్దరిలో ఎవరినీ గెలిపించలేదు. పెద్దాయనకు రోడ్డులో సగం వచ్చింది, బావిలో సగం పోయింది. చిన్నాయనకు తిరగేసి అదే. ఇద్దరూ అంతసేపూ రశీదులనే తిరగేస్తూ కూర్చున్నారు. పెద్దాయన హుక్కా గొట్టం తమ్ముడి వైపు తిప్పాడు. చిన్నాయన బీడీ పారేశాడు.

అయితే బాపు అక్కడితో సంతోషపడే మనిషి కాదు. ‘కచేరీల ఈ కాగితం కాణీకి పనికిరాదు’ అని వాళ్ళకు ముందే చెప్పాడు. అది వీలునామా కాదు, సాక్షులు లేరు. రిజిస్టరైన పంపకం దస్తావేజూ కాదు. తండ్రి మనసులో ఏముందో చెప్తుంది తప్ప హక్కు ఇవ్వదు. కాబట్టి ఇద్దరూ ఒప్పుకుని కొత్తగా పంచుకోవాలి, దాన్ని సర్కారు పుస్తకంలో ఎక్కించుకోవాలి. దావా నడుస్తున్న ఆ 1887 చట్టంలోనే 123వ సెక్షన్ కింద దారుంది. అన్నదమ్ములు తమలో తాము చేసుకున్న ఖాన్గీ తక్సీమ్‌ను, ఇంటి పంపకాన్ని, రెవెన్యూ అధికారి విచారించి ఖాయం చేస్తాడు. దావా వెనక్కి తీసుకుని ఆ దారిన పొమ్మన్నాడు.

పంచే పద్ధతి మాత్రం మన వైపుది చెప్పాడు. పెద్దోడు పంచాలె, చిన్నోడు ఎంచుకోవాలె. వాళ్ళకది నచ్చింది. అక్కడ చీట్లు వేసి పిల్లవాడితో తీయించడం మామూలు. చీటీ అయితే వాటాలు ఎగుడుదిగుడుగా ఉన్నా అదృష్టం మీద తోసేయొచ్చు. తమ్ముడు ఎంచుకుంటాడంటే గీత గీసేవాడి చేయి దానంతటదే సమంగా పోతుంది.

పట్వారీ దగ్గర నకలు తీసిన నక్షా మీద పెద్దాయన గీతలు గీశాడు. రోడ్డు ముఖాన ఉన్నవి నాలుగు కిల్లాలు, వాటి వెనక మూడు. ముందు రెండేసి, వెనక ఒకటిన్నర చొప్పున. బావి పొలంలో రెండున్నర చొప్పున, నడుమ కిల్లా నాలుగు కనాళ్ళుగా రెండు ముక్కలు. ఒక్కొక్కరికి ఆరు కిల్లాలు, లెక్క సరిపోయింది. బాపు చూసి ఒకే మాట అడిగాడు: ‘వెనక ఉన్న చేనుకు బండి ఎట్ల పోతది?’ ఇన్నాళ్ళూ అంతా ఒకటే కాబట్టి ఎవరి పొలంలోంచి ఎవరైనా నడిచారు. గీత పడ్డాక ఎవరైనా ముందు ముక్క అమ్ముకుంటే వెనక ముక్కకు దారి ఉండదు. పంపకాల్లో సగం తగాదాలు పంచిన రోజు కాదు, ఇలా దారి మరిచిపోయిన చోట పదేళ్ళ తర్వాత పుడతాయని బాపు చెప్పేవాడు. దారి లేని చేను పొరుగువాడే కొనాలి, వాడు చెప్పిన ధరకే. గీత మళ్ళీ గీశారు. ఇద్దరి భాగాల మధ్య సరిహద్దు పొడుగునా ఇటు ఒక కరమ్ అటు ఒక కరమ్ వదిలి, పదకొండు అడుగుల బాట పెట్టారు. బావి, ఇంజన్ గది, బాట మాత్రం పంచలేదు. ఇద్దరి పేరా ఉమ్మడిగానే ఉంచారు. ముసలాయన మాటను కాస్తయినా మిగిల్చాలని చిన్నాయన అడిగాడు.

పొలంలో కొలిచేటప్పుడు ఆ ఊరి పట్వారీ తన జరీబు గొలుసుతో వచ్చాడు. నడివయసువాడు, మొదట బాపును అనుమానంగా చూశాడు. బాపు గొలుసు రెండో కొస తానే పట్టుకుని, గట్టు మీద రాయి దగ్గర గొలుసు వదులుగా ఉందని మందలించేసరికి ఎవరో తెలిసిపోయింది. మధ్యాహ్నం ఇద్దరూ చెట్టు కింద కూర్చుని గిర్దావరీ, పహాణీ పోల్చుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. కొలువు పోయిన పట్వారీ, కొలువులో ఉన్న పట్వారీ. చీలిన కిల్లాలకు తతిమ్మా నక్షాలు గీసి, ఇంతకాల్ ఎక్కి, తహసీల్దారు ఖాయం చేసేసరికి చలికాలం వచ్చింది. చిన్నాయన ఉత్తరం వైపు భాగం ఎంచుకున్నాడు. అంగణంలో గోడ మాత్రం తీయలేదు. దానిమీద పిడకలు ఎండబెట్టుకోవడానికి బాగుందన్నారు ఇద్దరి ఆడవాళ్ళూ.

అద్దె సంగతి కూడా తేలింది. గదులు చిన్నాయనవయ్యాయి. మర్నెల నుంచి అద్దె పెంచాడు.

బాపు 1991లో పోయాడు. నేను ఆ ఊరు వదిలి ద్వారకా వచ్చి చాలా ఏళ్ళయింది. సోహ్నా రోడ్డు పక్కన ఇప్పుడు భూడ్ లేదు, చాహీ లేదు, ఒంటెబండి లేదు. తొంభైల్లో అన్నదమ్ములిద్దరూ అమ్ముకున్నారు. ఎవరి ఆరు కిల్లాల్లో వాళ్ళు ఎవరినీ అడగకుండా అమ్మొచ్చు, కానీ మధ్యలో బాట, బావి ఉమ్మడి కాబట్టి కొనేవాడు ఇద్దరి సంతకమూ కావాలన్నాడు. ఇద్దరూ ఒకే రోజు ఒకే ధరకు రిజిస్ట్రీ చేయించారు. లంబర్దారు వేసిన గొళ్ళెం ఆఖరిదాకా పనిచేసింది.

తెలంగాణలో చాలా ఇళ్ళల్లో తాతల నాటి కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. రశీదులు, తాకట్టు చీటీలు, పద్దు పుటలు. ఎవరికీ చదవరావని అటక మీద పడేసి ఉంటాయి, పాత ఇల్లు కూల్చినప్పుడు చిత్తు కింద పోతాయి. మీ ఇంట్లో ఉంటే తీయండి. షికస్తా చదవగలిగినవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. పంపకాల మాట వచ్చాక కాదు, రాకముందే చదివించండి. చదివించేటప్పుడు వాటాదారులందరినీ ఒక్కచోట కూర్చోబెట్టండి, అక్కచెల్లెళ్ళను కూడా.